t నెగెటివ్ వస్తే కొట్టేయాలా?

ప్రశ్న: చదువు ఆపేసిన చాలా ఏళ్ల తర్వాత ఒక పరీక్ష కోసం మళ్లీ లెక్కలు మొదలుపెట్టాను. మా అన్నయ్య నేర్పుతున్నాడు. నాలుగో ఘాతం ఉన్న సమీకరణాల్లో t అని పెట్టి వర్గ సమీకరణంగా మార్చడం వరకు బాగానే వస్తోంది, ఆ తర్వాతే గొడవ. x⁴ − 5x² − 36 = 0 లో t = 9, t = −4 వచ్చాయి. "నెగెటివ్ t ని కొట్టేయ్, x = 3 అని రాసెయ్" అన్నాడు అన్నయ్య. పుస్తకం వెనక చూస్తే నాలుగు జవాబులున్నాయి. x(x+1)(x+2)(x+3) = 24 లో t = 4, −6 వస్తే అలాగే −6 కొట్టేసి x = ±2 అని రాశాను, అదీ తప్పేనట. ఇక x⁴ + 2x² + 9 = 0 లో t లోనే i వచ్చి కూర్చుంది, అక్కడ పెన్ను పక్కన పెట్టేశాను. అడిగితే అన్నయ్య "నీకు బేసిక్స్ లేవు" అని విసుక్కుంటున్నాడు. ఎదురు చెప్పాలంటే నా దగ్గర కారణం ఉండాలి కదా. అసలు ఎక్కడ తప్పుతున్నాను? లెక్కంటేనే టెన్షన్ వచ్చేస్తోంది.

జవాబు: మీ ఉత్తరంలో మూడు లెక్కలున్నా తడబాటు ఒకచోటే ఉందండీ. t విలువ వచ్చాక దాన్ని x లోకి వెనక్కి మార్చే మెట్టు దగ్గర. అంతకు ముందు మీరు చేసిందంతా సరిగ్గానే ఉంది, కాబట్టి బేసిక్స్ లేవన్న మాట వదిలేయండి. అన్నయ్య సూత్రానికి కూడా ఒక ఆధారం ఉంది, కాకపోతే ఆయన దాన్ని పని చేయని చోట కూడా వాడుతున్నారు.

ఆ ఆధారం ఏంటో ముందు చూద్దాం, ఎందుకంటే మీకు కావాల్సిన కారణం అందులోనే దొరుకుతుంది. 4ˣ − 3·2ˣ − 4 = 0 అనే లెక్కలో t = 2ˣ అని పెడితే t² − 3t − 4 = 0, అంటే t = 4 లేదా t = −1. x వాస్తవ సంఖ్య అయినప్పుడు 2ˣ ఎప్పుడూ ధనాత్మకమే, అందుకని −1 ని కొట్టేస్తాం, అది న్యాయమే. √x ని t అనుకున్నా అంతే. ఇలాంటి లెక్కలు వరసగా చేసినవాళ్లకి "t నెగెటివ్ అయితే పనికిరాదు" అన్నది చేతికి అలవాటైపోతుంది. కానీ అక్కడ కొట్టేయడానికి కారణం t నెగెటివ్ కావడం కాదు, ఆ t ని ఇచ్చే x దొరక్కపోవడం. ప్రతి t దగ్గరా అడగాల్సిన ప్రశ్న ఇదొక్కటే: ఈ t ని ఇచ్చే x ఉందా, ఉంటే ఏది?

మొదటి లెక్కకి ఆ ప్రశ్న వేద్దాం. t = x² కదా. t = 9 అంటే x² = 9, అప్పుడు x = 3 తో పాటు −3 కూడా ఉంది. ఇక్కడ అన్నయ్య నెగెటివ్ t ని మాత్రమే కాదు, పాజిటివ్ t ఇచ్చిన రెండో మూలాన్ని కూడా వదిలేశారు. t = −4 అంటే x² = −4. వాస్తవ సంఖ్యల్లో ఇలాంటి x లేదు, సంకీర్ణ సంఖ్యల్లో ఉంది: 2i, −2i. నమ్మకం కుదరకపోతే 2i ని అసలు సమీకరణంలోనే పెట్టి చూడండి. (2i)² = −4, దాన్ని మళ్లీ వర్గం చేస్తే (2i)⁴ = 16. ఇప్పుడు 16 − 5(−4) − 36 = 16 + 20 − 36, అంటే సున్నా. మైనస్‌ని రూట్ బయటికి లాగేసి √−4 = −2 అని రాసేవాళ్లు కూడా ఉంటారు, ఆ −2 ని ఇదే సమీకరణంలో పెడితే 16 − 20 − 36 = −40 వస్తుంది, సున్నా రాదు. మొత్తానికి నాలుగు మూలాలు 3, −3, 2i, −2i.

మరి పరీక్షలో ఏది రాయాలి? అది ప్రశ్నని బట్టి. "వాస్తవ మూలాలు కనుక్కోండి" అనో, x వాస్తవ సంఖ్య అనో ఇస్తే ±3 రాసి, x² = −4 కి వాస్తవ సాధన లేదని ఒక వాక్యం చేర్చండి. ఆ వాక్యం లేకుండా t = −4 ని ఊరికే గీత పెట్టి కొట్టేస్తే, మీరు దాన్ని ఆలోచించి వదిలారో చూడకుండా వదిలారో దిద్దేవాళ్లకి తెలియదు. "అన్ని మూలాలు" అనో, "సాధించండి" అని మాత్రమే ఉండి ఆ అధ్యాయం సంకీర్ణ సంఖ్యల తర్వాతదో అయితే నాలుగూ రాయాలి. ఏ షరతూ కనబడకపోతే నేనైతే నాలుగూ రాసి, వాటిలో ఏవి వాస్తవమో పక్కన చెప్పేస్తాను. ఒక లైను ఎక్కువ రాసినంత మాత్రాన పోయేదేం లేదు.

ఇక రెండో లెక్క. నాకు బాగా ఆసక్తిగా అనిపించింది ఇదే, ఎందుకంటే అన్నయ్య సూత్రం వాస్తవ సంఖ్యల్లో కూడా ఎలా దెబ్బతింటుందో ఇందులో స్పష్టంగా కనిపిస్తుంది. x(x+1)(x+2)(x+3) లో మొదటిదాన్నీ చివరిదాన్నీ గుణిస్తే x(x+3) = x² + 3x, మధ్య రెండింటిని గుణిస్తే (x+1)(x+2) = x² + 3x + 2. ఇక్కడ t = x² + 3x, సమీకరణం t(t+2) = 24, అంటే t² + 2t − 24 = 0. t = 4, −6. ఇంతవరకు మీరు చేసిందే. ఆ తర్వాత మీరు x = ±2 అన్నారు, అంటే t ని x² అనుకున్నారు. అలవాటు ఎంత గట్టిదో చూడండి, మీ చేత్తో మీరే t = x² + 3x అని రాసుకున్న పేజీలోనే ఇది జరిగింది. 2 ని అసలు లెక్కలో పెడితే 2·3·4·5 = 120. −2 ని పెడితే మధ్యలో ఒక సున్నా పడి మొత్తం సున్నా అవుతుంది. రెండూ 24 కావు.

సరైన దారి ఇది. t = 4 అంటే x² + 3x = 4, అంటే x² + 3x − 4 = 0, అంటే (x − 1)(x + 4) = 0. మూలాలు 1, −4. సరిచూడటం తేలిక: 1·2·3·4 = 24, (−4)(−3)(−2)(−1) కూడా 24. t = −6 అంటే x² + 3x + 6 = 0, విచక్షణి 9 − 24 = −15, కాబట్టి x = (−3 ± √15 i)/2. నాలుగూ వచ్చేశాయి.

ఇప్పుడు అదే లెక్కలో కుడివైపు 24 తీసేసి −1 పెట్టండి. x(x+1)(x+2)(x+3) = −1. t² + 2t + 1 = 0, అంటే (t + 1)² = 0, అంటే t = −1 ఒక్కటే, అదీ రెండుసార్లు. నెగెటివ్ కదా అని కొట్టేశామనుకోండి, ఈ సమీకరణానికి మూలాలే లేవని తేలుతుంది. కానీ x² + 3x = −1 ని సాధిస్తే x² + 3x + 1 = 0, x = (−3 ± √5)/2, అంటే దాదాపు −0.382, −2.618. i ఎక్కడా లేదు, రెండూ వాస్తవ సంఖ్యలే, ఒక్కొక్కటి రెండుసార్లు వస్తుంది. అన్నయ్యతో వాదన పెట్టుకోకుండా ఈ ఒక్క లెక్క ఆయన ముందు పెట్టి "దీన్ని నువ్వు చెయ్యి" అనండి. మీరు చెప్తే "నాకే నేర్పుతున్నావా" అనిపించొచ్చు, ఆయన చేతిలోనే లెక్క ఆగితే ఆ ఇబ్బంది ఉండదు. ఆయన అప్పటికీ విసుక్కుంటే, చేసిన లెక్కల్ని ప్రతిక్షేపించి మీరే సరిచూసుకోవడం మొదలుపెట్టండి. దానికి ఇంకొకరి సాయం అక్కర్లేదు, కాకపోతే టైం ఎక్కువ పడుతుంది, తప్పు ఎక్కడ జరిగిందో కూడా మీరే వెతుక్కోవాలి.

ఎక్కడి వరకు నెగెటివ్ t వాస్తవ మూలాలు ఇస్తుంది అన్నదానికి కూడా లెక్క ఉంది. x² + 3x ని (x + 3/2)² − 9/4 అని రాయొచ్చు కదా, అంటే x వాస్తవం అయినంతవరకు t విలువ −9/4 కంటే కిందికి దిగదు. అందుకే t = −1 కి వాస్తవ మూలాలు దొరికాయి, t = −6 కి దొరకలేదు. t = x² అయినప్పుడు ఈ హద్దు సరిగ్గా సున్నా దగ్గర పడుతుంది, నెగెటివ్ అంటే వాస్తవ మూలం లేదు అన్న మాట నిజమయ్యేది హద్దు ఇలా సున్నా దగ్గరో, దానికి పైనో ఉన్నప్పుడే. t కి మీరు ఏ అర్థం ఇచ్చారో దాన్నిబట్టి హద్దు మారుతుంది.

మూడో లెక్క x⁴ + 2x² + 9 = 0. t² + 2t + 9 = 0, t = −1 ± 2√2 i. పెన్ను పక్కన పెట్టింది ఇక్కడే కదా. మీ ముందు రెండు దారులున్నాయి. మొదటిది మీరు వెళ్తున్న దారిలోనే ఇంకా ముందుకు వెళ్లడం: x² = −1 + 2√2 i అనుకుని దాని వర్గమూలం తీయాలి. x = a + bi అనుకోండి, a, b రెండూ వాస్తవ సంఖ్యలు. వర్గం చేస్తే a² − b² + 2ab i. రెండు వైపులా పోల్చితే a² − b² = −1, 2ab = 2√2. ఈ రెండే పెట్టుకుని b = √2/a అని ప్రతిక్షేపిస్తే మళ్లీ a లో ఇంకో నాలుగో ఘాత సమీకరణం వచ్చి పడుతుంది, మొదలుపెట్టిన చోటికే వచ్చామా అనిపిస్తుంది. అలా కాకుండా మూడో సమీకరణం ఒకటి తెచ్చుకోవాలి. x² యొక్క మాడ్యులస్ a² + b² అవుతుంది, ఇటువైపు మాడ్యులస్ √(1 + 8) = 3. కాబట్టి a² + b² = 3. దీన్ని a² − b² = −1 తో కలిపితే 2a² = 2, a² = 1, అప్పుడు b² = 2. ab = √2 ధనాత్మకం కాబట్టి a, b లకి ఒకే గుర్తు ఉండాలి: 1 + √2 i, −1 − √2 i. రెండో t విలువకి ఇదంతా మళ్లీ చేయక్కర్లేదు. సమీకరణంలో గుణకాలన్నీ వాస్తవ సంఖ్యలే కాబట్టి మూలాల సంయుగ్మాలు కూడా మూలాలవుతాయి: 1 − √2 i, −1 + √2 i.

రెండో దారిలో t ని పక్కన పెట్టి సమీకరణాన్ని ఇంకో చూపుతో చూస్తాం. మామూలుగా వర్గం పూర్తి చేసేటప్పుడు మధ్య పదాన్ని చూసి చేస్తాం, (x² + 1)² + 8 అని. అలా చేస్తే మళ్లీ అదే i దగ్గరికి వస్తాం. అందుకని ఈసారి మధ్య పదం కాకుండా చివరి 9 ని చూసి చేయండి. (x² + 3)² = x⁴ + 6x² + 9. మనకి కావాల్సింది 2x² మాత్రమే, 4x² ఎక్కువ వచ్చింది, అది తీసేద్దాం:

x⁴ + 2x² + 9 = (x² + 3)² − (2x)² = (x² − 2x + 3)(x² + 2x + 3)

రెండు మామూలు వర్గ సమీకరణాలు చేతికొచ్చాయి. మొదటిదానికి x = 1 ± √2 i, రెండోదానికి x = −1 ± √2 i. అవే నాలుగు మూలాలు, సంకీర్ణ సంఖ్యకి వర్గమూలం తీసే పనే లేదు.

ఇక్కడొక చిన్న విషయం గమనించండి, నాకు ఎప్పుడూ ముచ్చటగా ఉంటుంది. మొదటి దారిలో మాడ్యులస్‌గా వచ్చిన 3, రెండో దారిలో బ్రాకెట్‌లో పెట్టిన 3, రెండూ ఒకటే. t విలువలు రెండూ సంయుగ్మాలు కాబట్టి వాటి లబ్ధం మాడ్యులస్ వర్గానికి సమానం, ఆ లబ్ధమే సమీకరణం చివరనున్న 9. కాబట్టి రెండు దారులూ లోపల ఒకే పని చేస్తున్నాయి.

ఏ దారి ఎంచుకోవాలి? x⁴ + px² + q లో t సంకీర్ణం అయిందంటే p² < 4q అన్నమాట. అప్పుడు q కచ్చితంగా ధనాత్మకం, పైగా 2√q − p కూడా ధనాత్మకమే. అందుకని (x² + √q)² − (2√q − p)x² అన్న విడదీత ఎప్పుడూ కుదురుతుంది, గుణకాలు వాస్తవ సంఖ్యలుగానే ఉంటాయి. q పూర్ణవర్గం అయితే ఇది చకచకా అయిపోతుంది. q = 7 లాంటిదైతే రూట్ లోపల రూట్ తప్పదు, ఏ దారిలో వెళ్లినా అదే గతి. చేతికి అలవాటయ్యేది రెండో దారే, కానీ "t = x² ప్రతిక్షేపించి సాధించండి" అని ప్రశ్నలోనే ఉంటే మొదటి దారిలోనే రాయాలి, లేకపోతే మార్కులు పోవచ్చు. x = ±√(−1 + 2√2 i) దగ్గర ఆపేస్తే గణితపరంగా తప్పు కాదు గానీ a + bi రూపం అడిగినచోట అది సగం జవాబే.

నాలుగూ వచ్చాయో లేదో చూసుకోవడానికి మూలాల మొత్తాన్నీ లబ్ధాన్నీ చూడండి. x⁴ + px² + q లో x³ పదం లేదు కాబట్టి నాలుగు మూలాల మొత్తం సున్నా, లబ్ధం q. మూడో లెక్కలో (1 + √2 i)(1 − √2 i) = 3, ఇంకో జత కూడా 3, మొత్తం 9, సరిపోయింది. మొదటి లెక్కలో 3·(−3)·(2i)(−2i) = −9·4 = −36, అదీ సరే. ± మర్చిపోయి ఉంటే మొత్తం సున్నా కాకుండా అక్కడే బయటపడుతుంది. రెండో లెక్కలో మాత్రం మొత్తం సున్నా అని చూడకండి. అది విస్తరిస్తే x⁴ + 6x³ + 11x² + 6x − 24, x³ గుణకం 6 కాబట్టి మొత్తం −6 రావాలి. 1 − 4 − 3 = −6, వచ్చింది. t ని ఇలా పెట్టినప్పుడు మూలాలు సున్నాకి అటూ ఇటూ కాకుండా −3/2 కి అటూ ఇటూ సమానంగా ఉంటాయి.

నాలుగు అంటే వేర్వేరు నాలుగు అనుకోకండి. x⁴ − 8x² + 16 = 0 లో t = 4 రెండుసార్లు వస్తుంది, మూలాలు 2, 2, −2, −2. x⁴ − 9x² = 0 లో అయితే రెండు వైపులా x² తో భాగించేస్తే ±3 మాత్రమే మిగిలి, రెండుసార్లు రావాల్సిన సున్నా మాయమవుతుంది. అక్కడ భాగించకుండా x² ని కారణాంకంగా బయటికి తీయండి.

చివరిగా మీరు అడగలేదు గానీ రేపు ఎదురయ్యేది ఒకటి. పైన విస్తరించిన x⁴ + 6x³ + 11x² + 6x − 24 = 0 నే మీకు నేరుగా ఇస్తే అందులో t దాగి ఉందని ఎలా తెలుస్తుంది? x³ గుణకంలో సగం తీసుకోండి, 3. (x² + 3x)² = x⁴ + 6x³ + 9x². మిగిలింది 2x² + 6x − 24, అందులో 2x² + 6x అంటే 2(x² + 3x). అదే ముక్క మళ్లీ కనిపించింది, కాబట్టి t² + 2t − 24 = 0. మిగిలినదాంట్లో ఆ ముక్క కనిపించకపోతే, ఉదాహరణకి 6x బదులు 7x ఉంటే, t పెట్టే ఈ దారి అక్కడితో మూసుకుపోయినట్టే. అప్పుడు మొదట చిన్న పూర్ణాంకాలు మూలాలవుతాయేమో వేసి చూడాలి, అవీ కాకపోతే 16వ శతాబ్దంలో ఫెరారీ అనే గణితవేత్త కనుక్కున్న సాధారణ పద్ధతి ఉంది, అది మధ్యలో ఒక ఘన సమీకరణాన్ని సాధించమంటుంది. మీ సిలబస్‌లో అది ఉందో లేదో చూసుకున్నాకే దాని జోలికి వెళ్లండి.